ఆరు రోజుల్లో తగ్గిన రెండు కిలోలు ఎక్కడివి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ. నాకు 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. డైటింగ్ మొదలుపెట్టిన రోజు 51 కిలోలు ఉన్నాను. ఇంకో ఆరు వారాల్లో మా పెదనాన్న గారి అమ్మాయి పెళ్లి. కజిన్స్ అందరం ఒకేలాంటి లంగావోణీలు కుట్టించుకుంటున్నాం. ఫొటోల్లో నేనొక్కదాన్నే లావుగా కనిపిస్తానని టెన్షన్‌గా ఉంది. 45కి రావాలని పది రోజులుగా పొద్దున టిఫిన్, రాత్రి అన్నం మానేశాను. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గాను, తర్వాత ఆగిపోయింది. క్లాసులో కళ్లు తిరుగుతున్నాయి. అమ్మకు చెప్పలేదు. ఇంకా ఏం మానేస్తే తగ్గుతాను?

సమాధానం:

ఇంకేమీ మానేయకు తల్లీ. ముందు లేచి వెళ్లి ఏదైనా తిని వచ్చి మిగతాది చదువు. కళ్లు తిరుగుతున్న సంగతి ఇవాళే అమ్మకు చెప్పు. అది చిన్న విషయం కాదు, ఎందుకు కాదో కింద చెబుతాను.

నీ లెక్క ముందు చూద్దాం. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటాం. 51 కిలోల దగ్గర నీది ఇంచుమించు 20.6. పెద్దవాళ్లకు వాడే గీతలు మీ వయసు పిల్లలకు నేరుగా వాడం. వయసును బట్టి, ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా చార్టులు ఉంటాయి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇచ్చిన చార్టులనే నేను వాడతాను. వాటి ప్రకారం నువ్వు అధిక బరువు గీతకు కిందే ఉన్నావు. అంటే నీ ఎత్తుకు, నీ వయసుకు నీ బరువు సరిగ్గానే ఉంది. నువ్వు అనుకుంటున్న 45 కిలోల దగ్గర ఆ అంకె 18కి పడిపోతుంది. అక్కడికి నిన్ను తీసుకెళ్లే డైట్ ఏదీ నేను రాసివ్వను.

ఇంత చెప్పినా నీ టెన్షన్ పోదని నాకు తెలుసు. అందుకే కిందటేడు నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. తనది గుంటూరు, నీ వయసే. వాళ్ల పిన్ని కూతురి పెళ్లికి ఆరు వారాలుందనగా వచ్చింది. తనను గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చి, పేరు సిరి అనుకుందాం. తన ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. బీఎంఐ 24 దాటింది. అంటే నీలా కాదు, తను నిజంగానే అధిక బరువు గీత దాటి ఉంది. అయినా తనకు నేను చెప్పింది విను.

అమ్మతో కలిసి వచ్చింది. కూర్చోగానే ఫోన్ తీసి చూపించింది. రోజుకు మూడుసార్లు బరువు చూసుకుని నోట్స్‌లో రాసుకుంది. మొదటి రోజు 61.2. ఆరో రోజు 58.9. తొమ్మిదో రోజు మళ్లీ 61.

"ఆరు రోజుల్లో రెండు కిలోలకు పైగా తగ్గాను మేడమ్. మధ్యలో బాబాయి వాళ్ల గృహప్రవేశానికి వెళ్లి ఒక్కపూట భోంచేశాను. అంతా పాడైపోయింది."

"ఆ ఒక్కపూటలో ఏం తిన్నావు?"

"పులిహోర, అన్నం, రెండు బూరెలు, పెరుగు. మర్నాడు మామూలుగానే తిన్నాను."

"ఒంట్లో రెండు కిలోల కొవ్వు చేరాలంటే మామూలు తిండికి పైన ఇంకో 15,000 క్యాలరీలు తినాలి. ఒక బూరె 200 అనుకో. 75 బూరెలు తిన్నావా?"

నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అప్పుడు మెల్లగా అడిగింది, "మరి ఆ రెండు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి మేడమ్?"

నువ్వూ ఇక్కడ ఆగి ఆలోచించాలి. మనం తిన్న అన్నం, ఇడ్లీ గ్లూకోజ్‌గా మారి, అందులో కొంత కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ పేరు గ్లైకోజెన్. ఇంట్లో బియ్యం డబ్బాలో రెండు రోజులకు సరిపడా బియ్యం ఉంచుకున్నట్టు అన్నమాట. ఎదిగిన మనిషిలో అది సుమారు 400, 500 గ్రాములు ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు ఇంచుమించు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. పూటలు మానేస్తే ఒళ్లు ముందుగా ఆ డబ్బా ఖాళీ చేస్తుంది. అర కిలో నిల్వ, దాన్ని పట్టుకున్న కిలోన్నర నీళ్లు, రెండూ కలిపితే రెండు కిలోలు. మళ్లీ కడుపునిండా తిన్న ఒకటి రెండు రోజుల్లో డబ్బా నిండుతుంది, నీళ్లు తిరిగి వస్తాయి. సిరి ఫోన్‌లో పడ్డ మూడు అంకెలూ ఇవే. నీకు మొదటి వారం తగ్గిన రెండు కిలోల్లోనూ ఎక్కువ భాగం ఇదే. తర్వాత ఆగిపోవడానికి కారణం కూడా ఇదే.

పోయింది నీళ్లో, కొవ్వో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బరువు రెండు మూడు రోజుల్లో జారిపోయి, బొడ్డు దగ్గర టేపు కొలత మాత్రం కదలకపోతే పోయింది నీళ్లు. సిరికి అదే అయింది. రెండు కిలోలు తగ్గాక కూడా తన నడుము కొలత అర సెంటీమీటరు కూడా మారలేదు. నెలసరికి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపించి, నెలసరి వచ్చాక దానంతటదే దిగిపోతుంది. రోజూ మిషన్ ఎక్కే అమ్మాయికి ఇదంతా తన తప్పే అనిపిస్తుంది. అందుకే సిరితో, "ఈ ఆరు వారాలు మిషన్ ఎక్కకు, ఇక్కడికి వచ్చినప్పుడు నేనే చూస్తాను" అన్నాను. నాలుగు రోజులు అలిగింది. తర్వాత మానేసింది.

ఆ తర్వాత ఒక లెక్క కాగితం మీద వేసి చూపించాను. సిరి అడిగింది ఆరు వారాల్లో ఎనిమిది కిలోలు. ఒక కిలో ఒంటి కొవ్వులో ఇంచుమించు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఎనిమిది కిలోలకు 61,600. దాన్ని 42 రోజులకు పంచితే రోజుకు దాదాపు 1,470 తగ్గించుకోవాలి. తన వయసుకు, తన చదువుకు ఒంట్లో రోజుకు ఖర్చయ్యేదే రెండు వేల పైచిలుకు. అంటే రోజుకు రెండు మూడు కప్పుల అన్నానికి సరిపడా తిండి మీద నడవాలి. పైగా అలా బతికినా పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోతుంది. కాగితం చూసి సిరి చాలాసేపు మాట్లాడలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పదిహేనేళ్ల అమ్మాయికి రోజుకు ఇన్ని క్యాలరీలని రాసిచ్చాను. నెల తర్వాత చూస్తే తను ఆ అంకెలో సగమే తింటోంది. ఎంత తక్కువ తింటే అంత గొప్ప అనుకుంది. అప్పటినుంచి స్కూలు, కాలేజీ పిల్లలకు నేను క్యాలరీల అంకె ఇవ్వడం మానేశాను. సిరికీ ఇవ్వలేదు, నీకూ ఇవ్వను.

కాసేపటికి అమ్మను బయట కూర్చోమన్నాను. ఈ వయసు పిల్లలు కొన్ని మాటలు అమ్మ ముందు చెప్పరు. నెలసరి సరిగ్గా వస్తోందా, తిన్నాక వేలు పెట్టుకుని కక్కడంలాంటివి ఉన్నాయా, మోషన్స్ టాబ్లెట్లు వేసుకుంటున్నావా, జుట్టు ఊడుతోందా, అందరికీ బాగానే ఉన్నప్పుడు నీకొక్కదానికే చలేస్తోందా అని అడిగాను. కక్కడంలాంటివి లేవంది. నెలసరి కూడా సరిగ్గానే వస్తోంది. అయితే మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, క్లాసులో కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది.

కనురెప్ప కింద చూశాను, పాలిపోయి ఉంది. మెడ వెనక కూడా చూశాను. అక్కడ చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంటే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదన్నదానికి గుర్తు కావచ్చు. చాలామంది అమ్మలు సున్నిపిండి పెట్టి రుద్దుతుంటారు. అది కనిపిస్తే, దానితోపాటు నెలసరి తప్పుతుంటే డాక్టర్‌కు చూపించి షుగర్, థైరాయిడ్, హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓఎస్ సంగతి తేల్చుకోవాలి, డైట్ షీట్ దానికి మందు కాదు. సిరికి అది లేదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ మాత్రం 9.8 వచ్చింది. మీ వయసు ఆడపిల్లలకు అది 12కి తగ్గకూడదు.

నీ కళ్లు తిరగడం చిన్న విషయం కాదన్నది ఇందుకే. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నెలనెలా రక్తం పోయే వయసులో, ఉన్న తిండిలోనే రెండు పూటలు తీసేస్తే ఐరన్ ఎక్కడినుంచి వస్తుంది? నీకు రక్తం తక్కువై కళ్లు తిరుగుతున్నాయా, ఖాళీ కడుపు వల్ల తిరుగుతున్నాయా అన్నది ఉత్తరం చూసి చెప్పలేను. చిన్న పరీక్ష, ఏ ల్యాబ్‌లో అయినా చేస్తారు. ఈ వారమే చేయించుకుని, రిపోర్టు డాక్టర్‌కు చూపించు.

పరీక్ష సంగతి అయ్యాక సిరిని తన రోజు గురించి అడిగాను. "నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లో పెట్టుకున్నవన్నీ చెప్పు. తప్పేమీ లేదు, నేను తిట్టను."

"పొద్దున ఏం తినలేదు మేడమ్. ఆరున్నరకే కాలేజీ బస్సు. టీ తాగాను. మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నం సగం తిని సగం పడేశాను. సాయంత్రం..." అని ఆగిపోయింది.

"సాయంత్రం?"

"స్టడీ అవర్‌కి ముందు బయటకి వెళ్లాం. నాలుగు మిర్చి బజ్జీలు, ఒక ఎగ్ పఫ్, కూల్ డ్రింక్. రాత్రి భోంచేయలేదు. పదకొండింటికి ఆకలేసి గిన్నెడు మిక్చర్ తిన్నాను."

"రాత్రి తిన్నాక ఏమనిపించింది?"

"ఏడుపొచ్చింది. రేపు అసలేం తినకూడదనుకున్నాను."

ఈ చక్రం నేను వారానికి ఒకసారైనా వింటాను. పొద్దున మానేసింది కాబట్టే సాయంత్రం ఆ ఆకలి. సగం కడుపుతో రోజంతా చదువుకున్న పిల్ల నూనె మూకుడు ముందు నిలబడితే చేయి ఆగదు. అది మనసు బలహీనత కాదు, ఒళ్లు తన బాకీ వసూలు చేసుకోవడం. నాలుగు బజ్జీలు, పఫ్, డ్రింక్, మిక్చర్ కలిపితే మానేసిన ఇడ్లీకి, రాత్రి అన్నానికి సరిపోయేంత క్యాలరీలు వచ్చేశాయి. ప్రొటీన్ మాత్రం చాలినంత రాలేదు. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లోనే 25 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. సిరి మానేసింది తిండిని కాదు, మంచి తిండిని.

అందుకే పెద్ద డైట్ చార్టేమీ ఇవ్వలేదు. రెండు చోట్లే సరిచేశాం. ఒకటి పొద్దున, రెండోది సాయంత్రం నాలుగున్నర.

"ఆరింటికి ఆకలి వేయదు మేడమ్" అంది. నిజమే, రాత్రి పదకొండింటికి మిక్చర్ తిన్నవాళ్లకు పొద్దున ఆకలి వేయదు. అందుకని ఇంట్లో బలవంతంగా తినమనలేదు. మూడు ఇడ్లీలు, ఉడకబెట్టిన గుడ్డు ఒకటి డబ్బాలో పెట్టుకెళ్లి తొమ్మిది గంటల బ్రేక్‌లో తినమన్నాను. ఇడ్లీలోకి కారప్పొడి, నెయ్యి వేసుకోవద్దా అని భయంగా అడిగింది. ఒక చెంచా నెయ్యి వేసుకో, పల్లీ చట్నీ అయితే ఇంకా మంచిదని చెప్పాను. గుడ్డు తినని ఇంట్లో అయితే పెసరట్టు వెయ్యమంటాను. రెండు పెసరట్లకు గుప్పెడున్నర పెసలు పడతాయి, గుడ్డులో వచ్చేదానికంటే ఎక్కువ ప్రొటీనే వస్తుంది. మీ వయసు ఆడపిల్లకు రోజుకు 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. సిరి తింటున్న దాంట్లో అంత రావడం లేదు.

టీని టిఫిన్‌కు గంట దూరం జరిపాం. తిండితోపాటు టీ తాగితే ఆ తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర కూడా టీతో, పాలతో వేసుకోకూడదు. నిమ్మరసంతోనో జామకాయతోనో అయితే బాగా పడుతుంది. మాత్ర వేసుకుంటే మోషన్ నల్లగా వస్తుంది, కొందరికి కడుపులో వికారంగా ఉంటుంది. ఆ రంగు చూసి భయపడి మానేసే పిల్లలు చాలామంది. నల్లగా రావడం మామూలే అని సిరికి ముందే చెప్పాను.

మధ్యాహ్నం క్యారియర్ విషయంలో వాళ్లమ్మ తెలివి పనికొచ్చింది. మన క్యారియర్లో కింది గిన్నె పెద్దది, దాన్నిండా అన్నం కూరి పెడతాం. పై చిన్న గిన్నెలో కూర, పప్పు ఉండీ లేనట్టు ఉంటాయి. "గిన్నెలు తారుమారు చేద్దామా మేడమ్?" అని ఆవిడే అడిగారు. పెద్ద గిన్నెలో తోటకూర పప్పో, బీరకాయ శనగపప్పో, కోడికూరో. చిన్న గిన్నెలో అన్నం. ఇంకో గిన్నెలో పెరుగు. అన్నం మానలేదు, ఎవరూ కొలవలేదు. ఆకలి తీరకపోతే ఇంకాస్త తినమన్నాను. సిరి పడేయడం మానేసింది, ఎందుకంటే అది ఇప్పుడు రుచిగా ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు బ్యాగులో గుగ్గిళ్లు. శనగలు రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్‌లో పెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి నిమ్మకాయ పిండితే సాయంత్రానికి చక్కగా ఉంటాయి. కొన్ని రోజులు వేయించిన పల్లీలు గుప్పెడు, ఒక జామకాయ. "మరి బజ్జీలు?" అంది. గుంటూరులో పుట్టిన పిల్లను మిర్చి బజ్జీ జన్మలో ముట్టుకోవద్దంటే అది జరిగే పనా? ఆదివారం ఇంట్లో అందరితో కూర్చుని తినమన్నాను. ఆకలి మీద కాకుండా సరదాకి తిన్నప్పుడు రెండింటి దగ్గరే ఆగిపోతున్నానని మూడో వారంలో తనే చెప్పింది.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఏది వండితే అది అందరితోపాటే. వేరే చపాతీలు, వేరే సూప్‌లు వద్దన్నాను. ఇంట్లో ఒక్క పిల్లకు వేరే కంచం పెట్టడం మొదలైతే ఆ పిల్ల తిండిని వేరే కళ్లతో చూడటం మొదలుపెడుతుంది. తర్వాత మేడ మీద అరగంట నడక. మీ వయసుకు రోజుకు గంట ఒళ్లు కదలాలి, కానీ కాలేజీ వేళలు చూస్తే అరగంట దొరకడమే గగనం. పడుకునేది పన్నెండు నుంచి పదిన్నరకు జరిపాం. నిద్ర తక్కువైన రోజు ఆకలి ఎక్కువవుతుంది, అదీ నూనె, తీపి మీదకే పోతుంది.

నిమ్మకాయ తేనె నీళ్లు, జీలకర్ర నీళ్లు, గ్రీన్ టీ గురించి తను అడిగింది, నువ్వూ అడుగుతావు. ఇష్టమైతే తాగొచ్చు. అవి కొవ్వును కరిగించవు. భోజనానికి బదులు తాగమని అమ్మే పొడుల జోలికి మాత్రం వెళ్లకు.

వెళ్లే ముందు వాళ్లమ్మతో విడిగా ఒక మాట మాట్లాడాను. సిరి ఈ డైటింగ్ మొదలుపెట్టింది అద్దంలో చూసుకుని కాదు. బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు షాపులో అందరి ముందు వాళ్ల మేనత్త, "ఏంటే, పెళ్లికూతురి కంటే నువ్వే పెద్దదానిలా ఉన్నావు" అంది. అత్త సరదాకే అని ఉండొచ్చు. పిల్ల ఆ రాత్రే అన్నం మానేసింది. "మీరు ఆవిడకు ఫోన్ చేసి, సిరి ఒంటి గురించి ఇక మాట్లాడొద్దని చెప్పండి" అన్నాను. ఆవిడ కాస్త తటపటాయించారు, ఆడపడుచుతో ఆ మాట అనడం కష్టమే మరి. కానీ చేశారు. తనకు అన్నిటికంటే బాగా పనిచేసింది అదేనని సిరి తర్వాత చెప్పింది. మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట ఎవరైనా అని ఉంటే అమ్మకు చెప్పు.

ఇక బట్టల సంగతి. నీకు అసలు కావాల్సింది ఇదేనని నాకనిపిస్తోంది. సిరి టైలర్‌కు ఆది జాకెట్ ఇచ్చి, దానికంటే రెండంగుళాలు బిగుతుగా కుట్టమని చెప్పిందట, తగ్గుతానన్న ధైర్యంతో. ఆ పని నువ్వు చేయకు. బిగుతు జాకెట్ ఎంత సన్నటి అమ్మాయికైనా చంక కింద, వీపు మీద ఒంటిని నొక్కి ముడతలు తెస్తుంది. ఫొటోలో లావుగా చూపించేది ఆ నొక్కుడే. పెళ్లికి రెండు వారాల ముందు ఆ రోజు కొలతే ఇవ్వు. రెండు పక్కలా కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలమను. అప్పుడు నెలసరి ముందు ఒంట్లో నీరు చేరినా పది నిమిషాల్లో ఒక కుట్టు విప్పుకోవచ్చు. సిరి జాకెట్ అలాగే విప్పి మళ్లీ కుట్టించాం.

ఆరు వారాల తర్వాత సిరి బరువు 59.4. అనుకున్న ఎనిమిదిలో రెండు కూడా తగ్గలేదు. నడుము కొలత మూడు సెంటీమీటర్లు తగ్గింది, అంటే ఈసారి పోయింది నీళ్లు కాదు. హిమోగ్లోబిన్ 11.1కి వచ్చింది. ఇంకా 12 కాలేదు కాబట్టి మాత్రలు ఆపలేదు. 12 దాటాక కూడా ఒంట్లో నిల్వ నిండేదాకా డాక్టర్ చెప్పినన్నాళ్లు వేసుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం పోయింది. ముఖంలో రంగు తిరిగిందని పెళ్లిలో అందరూ అన్నారట. "తగ్గావు" అని మాత్రం ఎవరూ అనలేదని కాస్త నొచ్చుకుంది. నేను దాన్ని కాదనలేదు, ఆ వయసులో అలా ఉంటుంది.

తను ఆకలితోనే ఆరు వారాలు నడిచి ఉంటే జరిగేది కూడా తనకు చెప్పాను, నీకూ చెబుతాను. ఒళ్లు అలా మాడిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. పెళ్లినాటికి కనపడదు, ఆల్బమ్ వచ్చే వేళకు కనపడుతుంది. మాఘమాసం పెళ్లిళ్లు అయ్యాక వేసవిలో జుట్టు ఊడుతోందని నా దగ్గరకు వచ్చే అమ్మాయిలను, "శీతాకాలంలో డైటింగ్ చేశావా?" అని అడుగుతాను. చాలామంది అవునంటారు. చాలావరకు మళ్లీ వస్తుంది, కానీ నెలలు పడుతుంది. ఎముకలదీ అదే కథ, అది మాత్రం బయటికి కనపడదు. మీ వయసులో ఎముకల్లో చేరే కాల్షియమే జన్మంతా వాడుకునే నిల్వ. అందుకే ఆ పెరుగు గిన్నె వదలకు.

సిరికి కొంచెం తగ్గడం అవసరం, నీకు అది కూడా అక్కర్లేదు. నువ్వు చేయాల్సింది మానేసిన ఆ రెండు పూటలూ రేపటినుంచి మళ్లీ తినడం. తినడం మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో మిషన్ మీద ఆ రెండు కిలోలు తిరిగి కనపడతాయి. అప్పుడు భయపడి మళ్లీ మానేయొద్దు, అది ఖాళీ అయిన డబ్బా నిండటం. వీలైతే మిషన్‌ను అమ్మ గదిలో పెట్టించు. తిందామని కూర్చున్నా భయంతో ముద్ద దిగకపోయినా, తిన్నాక కక్కాలనిపించినా, నెలసరి ఆగిపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంకో వారం చూద్దామనుకోకు. అమ్మను తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లు. ఏ మాట అమ్మతో ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ ఉత్తరమే చేతికివ్వు.

పెళ్లి రోజు కోసం ఒక్క మాట. మన ముహూర్తాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకే. జాకెట్ బిగుతవుతుందని మధ్యాహ్నం నుంచీ ఏమీ తినకుండా, జడకుచ్చులు, పూలజడ వేసుకుని లైట్ల వేడిలో నిలబడి తలంబ్రాల వేళకు కూలబడిపోయిన అమ్మాయిలను నేను చూశాను. ముస్తాబుకు కూర్చునే ముందే, ఓణీకి పిన్నులు పెట్టకముందే, ఏడు గంటలకల్లా పప్పు, కూర, పెరుగుతో అన్నం తిను. నీళ్ల సీసా మీ చెల్లి చేతిలో ఉంచు.